వానాకాలంలో జీవాల కుంటు: బురద ఒక్కటే కారణం కాదు

క్లుప్తంగా: గొర్రెల్లో, మేకల్లో గిట్టలు కుళ్ళడానికి వాన, బురద దారి చేస్తాయి. అసలు రోగాన్ని మాత్రం మరో జీవం గిట్టలో దాక్కుని వచ్చే సూక్ష్మజీవి తెస్తుంది. అందుకే మందలో కుంటుతున్న జీవాలకు మాత్రమే వైద్యం చేస్తే రోగం తగ్గినట్టే తగ్గి మళ్ళీ వస్తుంది. కత్తితో గిట్ట చెక్కడం చాలాసార్లు మేలు కన్నా కీడే చేస్తుంది. ఇదే కాలంలో వచ్చే గాలికుంటు, నీలి నాలుక వ్యాధుల్లోనూ జీవాలు కుంటుతాయి కాబట్టి ముందు అది ఏ కుంటో తేల్చుకోవాలి.

తెలంగాణలో జూన్ నుంచి సెప్టెంబరు దాకా, నెల్లూరు వైపు అక్టోబరు, నవంబరు నెలల్లో వానలు పట్టినప్పుడు మందల్లో ఒకే మాట వినిపిస్తుంది: "జీవాలు కుంటుతున్నయి." బురదలో తిరిగితే కుంటక ఏం చేస్తాయి, వానలు తగ్గితే అదే పోతుందిలే అని చాలామంది సరిపెట్టుకుంటారు. ఈ మాటలో సగం నిజం ఉంది. ఎండ కాసి నేల ఆరితే కుంటు తగ్గడం చూస్తూనే ఉంటాం. అయితే మరుసటి ఏడు తొలి వానలకే అదే మందలో మళ్ళీ ఎందుకు మొదలవుతుందో, అదే బురదలో తిరిగే పక్క మందలో ఒక్క జీవం కూడా ఎందుకు కుంటదో ఆ మాటతో తెలియదు.

గిట్టల సందులో ఏం జరుగుతుంది

నాట్ల సమయంలో రోజంతా మడిలో నిలబడే కూలీల కాలివేళ్ల సందు ఎలా తెల్లగా నాని, ఒరిసి, మంట పుడుతుందో గొర్రె గిట్టల సందూ అలాగే అవుతుంది. అక్కడి చర్మం పలుచన. రోజుల తరబడి తడిగా ఉంటే నాని మెత్తబడుతుంది. నల్లరేగడి నేలల్లో ఇంకో ఇబ్బంది ఉంది. జిగురు మట్టి సందులో ముద్దలా ఇరుక్కుని, కాస్త ఎండ తగలగానే గట్టిపడి చర్మాన్ని గీరుతుంది. గడ్డి మోళ్లు, సర్కారు తుమ్మ ముళ్లు సరేసరి.

ఇలా దెబ్బతిన్న చర్మంలోకి ముందుగా చేరేది ఫ్యూజోబాక్టీరియం నెక్రోఫోరమ్ అనే బాక్టీరియా. ఇది జీవాల పేడలోనే ఉంటుంది. మంద కట్టిన ప్రతి చోటా, ప్రతి దొడ్డిలోనూ ఉంటుంది కనుక దీన్ని తప్పించుకోవడం కుదరదు. దీనివల్ల సందులో చర్మం ఎర్రబడుతుంది, వెంట్రుకలు రాలతాయి, బూడిద రంగు జిగురు కనిపిస్తుంది. జీవం కుంటుతుంది, కానీ గిట్ట చిప్పకు ఏమీ కాదు. పొడి నేల మీదికి మారిస్తే కొద్ది రోజుల్లో నయమవుతుంది. బురద వల్లే కుంటు అనే మాట సరిగ్గా సరిపోయేది ఈ దశకే.

రెండో బాక్టీరియా పేరు డైకెలోబాక్టర్ నోడోసస్. గిట్ట కుళ్ళుకు మూలం ఇదేనని 1941లో ఆస్ట్రేలియాలో బెవరిడ్జ్ అనే శాస్త్రవేత్త తేల్చాడు. దీనికి గాలి గిట్టదు. రోగం ఉన్న జీవాల గిట్టల్లోనే దీని నివాసం. బయట నేల మీద పడితే సాధారణంగా వారం పది రోజులకు మించి బతకదు. మొదటి బాక్టీరియా చేసిన పుండులోకి ఇది చేరాక రెండూ ఒకదానికొకటి తోడవుతాయి. ఇది వదిలే ఎంజైములు గిట్ట చిప్పను లోపలి కణజాలానికి పట్టి ఉంచే పొరను కరిగిస్తాయి. ఆ కరగడం మడమ వైపు మొదలై అరికాలి మీదుగా గిట్ట కొన దాకా పాకుతుంది. చిప్ప కింద గాలి ఆడని ఖాళీ ఏర్పడేసరికి, గాలి పడని ఆ సూక్ష్మజీవికి అదే సరైన ఇల్లవుతుంది.

తేమతోపాటు కాస్త వెచ్చదనం కూడా ఉంటేనే ఈ రోగం పాకుతుంది. పగటి వేడి 10 డిగ్రీలకు పైన ఉండాలి. చలిదేశాల్లో శీతకాలం దీనికి అడ్డుకట్ట వేస్తుంది. మన దగ్గర ఆ అడ్డు లేదు. ఏడాది పొడవునా వేడి సరిపోతుంది కాబట్టి ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు ఆగుతుందో తడే నిర్ణయిస్తుంది. పక్క మంద సంగతి కూడా ఇక్కడే తేలుతుంది. బురద రెండు మందలకూ ఒకటే అయినా, డైకెలోబాక్టర్ ఒక మందలోనే ఉంది.

ఏ కుంటో తేల్చుకోవడం

వైద్యం మొదలుపెట్టే ముందు చేయాల్సిన పని జీవాన్ని పట్టుకుని, కూర్చోబెట్టి నాలుగు కాళ్లూ చూడటం. నీళ్లతో బురద కడిగి, రెండు గిట్టలనూ వేళ్లతో విడదీసి సందు చూడాలి. గిట్ట కుళ్ళు అయితే సందులో బూడిద రంగు జిగురు, మడమ దగ్గర చిప్ప వదులై లేచిన అంచు కనిపిస్తాయి. ఆ అంచును కాస్త నొక్కితే లోపలి నుంచి ముక్కు మూసుకోవాల్సినంత దుర్వాసన వస్తుంది. పాత కాపరులు చూడకముందే వాసనతో పసిగడతారు. అది సరైన గుర్తే, ఎందుకంటే పై పుండు దశలో అంత కంపు ఉండదు. ఒక కాలో, రెండు కాళ్లో పట్టుకుంటాయి. ముందు కాళ్లు రెండూ పోతే గొర్రె మోకాళ్ల మీద వంగి మేస్తుంది. నోట్లో పుండ్లు ఉండవు.

గాలికుంటు వేరే రకంగా వస్తుంది. రెండు మూడు రోజుల్లోనే ఒక్కసారిగా చాలా జీవాలు జ్వరంతో కుంటడం మొదలుపెడతాయి. గిట్ట పైఅంచున, సందులో బొబ్బలు వచ్చి చిట్లుతాయి. ఊళ్లో ఆవులు, గేదెలు కూడా నోటి వెంట చొంగ కారుస్తూ ఉంటే అనుమానం దాదాపు తీరినట్టే. గొర్రెల్లో నోటి పుండ్లు చిన్నవిగా ఉండి, త్వరగా మానిపోతాయి. నోరు బాగానే ఉంది కదా అని గాలికుంటు కాదనుకోవడం వల్ల పొరపాట్లు జరుగుతాయి.

నీలి నాలుక వ్యాధిని చాలాచోట్ల మూతివాపు అంటారు. ఇది దోమ కన్నా చిన్నవైన క్యూలికాయిడ్స్ అనే కుట్టే పురుగుల వల్ల వచ్చే వైరస్ రోగం. వానలు పడ్డాక ఆ పురుగులు పెరిగేసరికి ఇదీ మొదలవుతుంది. జ్వరం, పెదవులు మొహం వాయడం, ముక్కు నుంచి చీమిడి కారి అట్టకట్టడం దీని గుర్తులు. గిట్టకూ చర్మానికీ కలిసే చోట ఎర్రగా, కొన్నిసార్లు ఊదా రంగులో ఒక గీత తేలుతుంది. నాలుగు కాళ్లూ నొప్పే కాబట్టి జీవం ఒక కాలు ఎత్తి కుంటడం కన్నా, బిగుసుకుపోయినట్టు నడుస్తుంది. గొర్రెల్లో తీవ్రంగా, మేకల్లో చాలావరకు తేలికగా ఉంటుంది.

ఒకే జీవం, ఒకే కాలు, ఒకే గిట్ట వేడిగా వాచి ఉంటే అది ముల్లో, చీముగడ్డో అయి ఉంటుంది. మందలో ఇంకెవరికీ లేకపోవడమే దానికి పెద్ద గుర్తు.

గాలికుంటుగానీ, నీలి నాలుకగానీ అనిపిస్తే వెంటనే పశువైద్యుడికి చెప్పాలి. ఆ రెండూ వైరస్ రోగాలు. గిట్ట కుళ్ళు మందులు వాటి మీద పనిచేయవు.

కత్తి గురించి ఒక మాట

గిట్ట కుళ్ళితే కుళ్ళిన చిప్పనంతా చెక్కేసి, రక్తం కారేదాకా శుభ్రం చేసి, పైన ఏదో మందు పోయడం తరతరాల అలవాటు. దీని వెనక తర్కం లేకపోలేదు. సూక్ష్మజీవికి గాలి పడదు కాబట్టి చిప్ప తీస్తే గాలి తగులుతుంది. చాలా దేశాల్లో పశువైద్య పుస్తకాలు కూడా దశాబ్దాల పాటు ఇదే చెప్పాయి.

2010లో వెలువడిన ఒక బ్రిటిష్ పరిశోధన ఈ నమ్మకాన్ని పరీక్షకు పెట్టింది. గిట్ట కుళ్ళు ఉన్న గొర్రెలను వర్గాలుగా చేసి, కొన్నింటికి గిట్టలు చెక్కారు, కొన్నింటికి ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ అనే యాంటీబయాటిక్ ఇంజెక్షన్ ఇచ్చారు, కొన్నింటికి రెండూ చేశారు. చెక్కకుండా ఇంజెక్షన్ ఇచ్చినవి అన్నిటికన్నా ముందు కోలుకున్నాయి. ఇంజెక్షన్‌తోపాటు చెక్కినవాటికి ఎక్కువ రోజులు పట్టింది. కారణం ఊహించడం కష్టం కాదు. కత్తి పచ్చి కణజాలాన్ని బయటపెడుతుంది. అది మానడానికి సమయం కావాలి, ఈలోగా బురద తగులుతూనే ఉంటుంది. లోతుగా చెక్కిన చోట ఎర్రటి కండ పెరిగి, ముట్టుకుంటే రక్తం కారే గడ్డలా మిగిలిపోవచ్చు. అలాంటి జీవం రోగం పోయాక కూడా కుంటుతూనే ఉంటుంది.

ఇంకో నష్టం కంటికి కనిపించదు. చెక్కిన చిప్ప ముక్కల్లో డైకెలోబాక్టర్ నేల మీద కన్నా ఎక్కువ కాలం, కొన్ని వారాల పాటు బతుకుతుంది. ముక్కలు దొడ్డిలోనే పడేసి, అదే కత్తితో పదో జీవానికి చేరేసరికి కాపరే రోగాన్ని పంచినవాడవుతాడు.

గిట్ట పెరగడం మాత్రం నిజమైన సమస్యే. గొర్రె గిట్ట నెలకు సుమారు అర సెంటీమీటరు పెరుగుతుంది. రాళ్ల నేల మీద తిరిగే జీవానికి అది అరిగిపోతుంది. మెత్తటి తడి నేలల్లో, కొట్టంలోనే ఉంచి మేపే మందల్లో అరగక, కొన వంకరపోయి, పక్క అంచు లోపలికి మడుచుకుని బురద పట్టుకుంటుంది. దాన్ని వేసవిలో, పుండ్లు లేనప్పుడు, తెల్లటి చచ్చిన భాగం వరకే కొద్దిగా కత్తిరించాలి. గులాబీ రంగు తేలగానే ఆపాలి. ప్రతి జీవం తర్వాతా కత్తిని క్రిమిసంహారక ద్రావణంలో ముంచి, ముక్కలు ఏరి కాల్చేయాలి. కుంటు ఉన్న రోజుల్లో ఈ పని పెట్టుకోకూడదు.

ఒక మంద లెక్క

ఊహించిన మందే, కానీ వానాకాలంలో చాలాచోట్ల ఇలాగే నడుస్తుంది. పాలమూరు వైపు 60 గొర్రెలున్న కాపరి సెప్టెంబరు మొదట్లో సంతలో మరో 10 కొని, అదే సాయంత్రం మందలో కలిపాడు. వాటిలో ఒకటి కాస్త కుంటుతోంది. బండిలో నలిగి ఉంటుందిలే అనుకున్నాడు. ఆ వారమంతా ముసురు. పన్నెండో రోజుకి 9 జీవాలు కుంటుతున్నాయి. రోగం అంటుకున్నాక బయటపడటానికి సుమారు 10 నుంచి 14 రోజులు పడుతుంది కాబట్టి లెక్క సరిపోతోంది.

ఇక్కడ సాధారణంగా జరిగేది ఆ 9 జీవాలకు మందు వేయడం. బదులుగా 70 జీవాలనూ పట్టి గిట్టల సందులు చూస్తే, కుంటని వాటిలోనూ మరో 5 జీవాలకు బూడిద జిగురు, ఎరుపు కనిపిస్తాయి. గొర్రె నొప్పిని దాచుకునే జీవం. తొలి దశలో మామూలుగానే నడుస్తుంది. ఆ 5 జీవాలను వదిలేస్తే పదిహేను రోజుల్లో కథ మళ్ళీ మొదలవుతుంది. కాబట్టి 14 వేరు, 56 వేరు.

వేరు చేసిన 14 జీవాలకు పశువైద్యుడి సలహాతో ఎక్కువ రోజులు పనిచేసే ఆక్సీటెట్రాసైక్లిన్ ఇవ్వాలి. వాడుకలో ఉన్న మోతాదు కిలో బరువుకు 20 మిల్లీగ్రాములు. మిల్లీలీటరుకు 200 మిల్లీగ్రాములు ఉండే సీసా అయితే 30 కిలోల గొర్రెకు 3 మిల్లీలీటర్లు, కండకు. బరువు తక్కువ అంచనా వేసి సగం మోతాదు ఇవ్వడం వల్ల రోగం అణిగి మళ్ళీ లేస్తుంది. ఇంజెక్షన్ తర్వాత కనీసం ఒక రోజు వాటిని పొడి నేల మీదే ఉంచాలి. తడిలోకి వదిలితే మందు ఫలితం తగ్గుతుందని ఆస్ట్రేలియా అనుభవం. పుండులో పురుగులు పడి ఉంటే ముందు వాటిని తీసి కడగాలి. మాంసానికి, పాలకు ఎన్ని రోజులు ఆగాలో సీసా మీద రాసి ఉంటుంది. ఇంజెక్షన్ ఇచ్చి మూడో రోజే సంతకు తోలడం తప్పు.

మిగతా 56 జీవాలకు గిట్టల స్నానం. దీనికి అందరికీ దొరికేది జింకు సల్ఫేట్. వరికి జింకు లోపం వచ్చినప్పుడు వేసేది అదే. కొనేటప్పుడు చిలేటెడ్ జింకు పొట్లం కాకుండా సల్ఫేట్ బస్తా అడగాలి. నూరు లీటర్ల నీటికి 10 కిలోలు కలపాలి. 3 మీటర్ల పొడవు, 60 సెంటీమీటర్ల వెడల్పు తొట్టిలో గిట్ట మునిగేలా 7 సెంటీమీటర్ల లోతు పోస్తే 126 లీటర్లు, అంటే సుమారు 12.6 కిలోల మందు. కాంక్రీటు తొట్టి లేకపోతే గుంటలో మందపాటి టార్పాలిన్ పరిచినా పని జరుగుతుంది. ఒక విడతకు 5 జీవాలు, 5 నిమిషాలు నిలబడితే 12 విడతలు. గంటకు పైగా పడుతుంది. చాలాచోట్ల స్నానం విఫలమయ్యేది ఈ నిలబెట్టడం దగ్గరే. జీవాలను తొట్టిలోంచి పరుగున దాటిస్తే తడవడం తప్ప ఏమీ జరగదు.

తొట్టికి ముందు మామూలు నీళ్ల తొట్టి ఒకటి పెడితే బురద అక్కడే వదులుతుంది, మందు త్వరగా పాడవదు. జీవాలు దప్పికతో మందు నీళ్లు తాగకుండా ముందే మంచినీళ్లు తాగించి తేవాలి. బయటికి వచ్చాక గంటసేపు మొరం పోసిన పొడి చోట నిలబెట్టాలి. వెంటనే బురదలోకి తోలితే మందు కడిగేసుకున్నట్టే. వారానికోసారి, మూడు నాలుగు వారాలు చేయాలి.

జింకు బదులు మైలుతుత్తం, ఫార్మాలిన్ కూడా వాడతారు. మైలుతుత్తంలో రాగి ఉంటుంది. గొర్రె శరీరం రాగిని తట్టుకోలేదు. తొట్టిలో నీళ్లు తాగితే ప్రాణం మీదికి వస్తుంది. ఈ విషయంలో మేక కొంత గట్టిది. ఫార్మాలిన్ నూటికి 3 పాళ్లు మించితే గిట్ట చర్మం కాలుతుంది, పచ్చి పుండు మీద భరించలేని మంట. మనుషుల కళ్లకు, ఊపిరికి కూడా మంచిది కాదు. అది కాస్త చవక కావచ్చు. ఈ ఇబ్బందులన్నీ చూస్తే జింకే నయం.

చివరిగా, మంద కట్టే చోటు మార్చాలి. పాత చోటును రెండు వారాలు గొర్రెలు, మేకలు తొక్కకుండా వదిలితే అక్కడ మిగిలిన డైకెలోబాక్టర్ చాలావరకు చచ్చిపోతుంది. దాని బలహీనత ఇదొక్కటే, దీన్ని వాడుకోకపోతే మిగతా ఖర్చంతా వృథా. రెండుసార్లు వైద్యం చేసినా మానని జీవాలు ఒకటో రెండో మిగులుతాయి. వాటి చిప్ప కింది ఖాళీల్లోనే రోగం వేసవి దాటి వచ్చే వానల దాకా కాచుకుని ఉంటుంది. అలాంటివాటిని మందు గడువు దాటాక మాంసానికి అమ్మేయడమే మందకు మేలు.

మేకల్లో తేడా

మేకల్లోనూ ఇదే సూక్ష్మజీవి. అయితే చాలావరకు సందులోని చర్మానికే పరిమితమై, చిప్ప లేచిపోవడం గొర్రెల్లో కన్నా తక్కువ. మడమ చూసి ఏమీ లేదని వదిలేస్తే మేకలో రోగం దొరకదు, సందే చూడాలి. మేకలు, గొర్రెలు కలిపి మేపే మందల్లో పైకి బాగున్నట్టే కనిపించే మేక గొర్రెలకు రోగం అంటించవచ్చు. స్నానం రెండింటికీ చేయించాలి. చెక్క పలకల మధ్య సందులు వదిలి ఎత్తుగా కట్టిన మేకల కొట్టాల్లో పేడ, మూత్రం కిందికి జారిపోయి గిట్టలు పొడిగా ఉంటాయి కనుక ఈ బాధ తక్కువ.

టీకా ఎందుకు తేలిక కాదు

ఒకసారి వచ్చి తగ్గిన జీవానికి మళ్ళీ రాదని అనుకోవడానికి లేదు. ఈ రోగం నిలిచే రోగనిరోధక శక్తిని ఇవ్వదు. టీకాలు ఉన్నాయి కానీ డైకెలోబాక్టర్‌లో సెరోగ్రూపులు అనే రకాలు పది దాకా ఉన్నాయి, ఒకదానికి చేసిన టీకా మరోదాన్ని ఆపదు. అన్నీ కలిపి ఒకే సూదిలో ఇస్తే ఒక్కోదానికి వచ్చే రక్షణ తక్కువ రోజులే ఉంటుంది.

వలస మందలు ఉన్న మనలాంటి చోట గమనించాల్సిన ఉదాహరణ నేపాల్. అక్కడి కొండల్లో వలస తిరిగే గొర్రెలు, మేకల మందల్లో తీవ్రమైన రోగం తెస్తున్నవి బి, ఇ అనే రెండు సెరోగ్రూపులేనని ముందు పరీక్షలతో తేల్చారు. ఆ రెండింటికే టీకా చేసి వేయించి, మానని జీవాలను తీసేస్తూ కొన్నేళ్లు కొనసాగించారు. ఆ మందల్లో తీవ్రమైన రకం కనిపించకుండా పోయింది, తేలికపాటి రకాలు మాత్రం మిగిలాయి. కశ్మీరులో జరిగిన పరీక్షల్లో బి సెరోగ్రూపు ఎక్కువగా దొరికింది. అంటే టీకా కన్నా ముందు కావాల్సింది ఏ ప్రాంతంలో ఏ సెరోగ్రూపు ఉందన్న లెక్క.

సంత దారి

రోగం ఒక మంద నుంచి మరో మందకు చేరేది ఎక్కువగా కొనుగోళ్ల వెంటే. కుంటే జీవాన్ని మేపలేక కాపరి సంతకు తోలతాడు. అది సన్నబడి ఉంటుంది కనుక ధర తక్కువ. తక్కువకు వస్తోందని మరొకరు కొంటారు. మోకాళ్ల మీద మేస్తున్న జీవం కోతకు పోతే ఫర్వాలేదు, పెంపకానికి పోతే మాత్రం రోగం దానితోపాటే బండి ఎక్కుతుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం మొదలుపెట్టిన గొర్రెల పంపిణీలో ఒక యూనిట్‌కు 20 గొర్రెలు, ఒక పొట్టేలు ఇచ్చారు. వాటిని ఎక్కువగా పొరుగు రాష్ట్రాల్లో కొని తెచ్చారు. ఇలా వేర్వేరు చోట్ల నుంచి తెచ్చి కలిపే ప్రతి సందర్భంలోనూ కొత్తవాటి గిట్టలు చూడటం, వేరుగా ఉంచడం అనే రెండు పనులే మందకు కాపు.

కొత్తవాటిని వేరుగా ఉంచడానికి పుస్తకాలు చెప్పే గడువు మూడు నాలుగు వారాలు. ఒకే దొడ్డి, ఒకే వల ఉన్న వలస కాపరికి అది కుదరని మాట. కుదిరే మధ్య దారి ఒకటి ఉంది. కొన్న రోజే నాలుగు కాళ్లూ తిప్పి చూసి, మందలో కలపకముందే జింకు నీళ్లలో నిలబెట్టాలి. రాత్రిళ్లు వలకు అవతల వేరే కట్టేసి, మేతకు మంద వెనక తోలాలి. మంద ముందు నడిస్తే వాటి గిట్టలు తొక్కిన తడి నేలనే మిగతావన్నీ తొక్కుతాయి. వారం తర్వాత ఇంకోసారి స్నానం చేయించి, పద్నాలుగో రోజున మళ్ళీ గిట్టల సందు చూసి, బూడిద జిగురుగానీ వాసనగానీ లేనివాటినే మందలోకి వదలాలి.